ఫారం 8కి తేలిక తెలుగు: ఫారాన్నే మార్చాలా, పక్కన చీటీ పెట్టాలా?

ఓటరు జాబితాలో అడ్రసు మార్చుకోవాలన్నా, పేరులో తప్పు దిద్దుకోవాలన్నా ఎన్నికల సంఘం ఫారం 8 నింపాలి. అది తెలుగులోనూ దొరుకుతుంది. కానీ నాలుగో తరగతితోనో ఐదో తరగతితోనో బడి మానేసినవాళ్లకు ఆఫీసు తెలుగు ఇంకో భాషే. అక్షరాలు కూడబలుక్కుని చదవగలిగిన మనిషి కూడా ‘స్వీయ ధ్రువీకృత ప్రతి’ లాంటి మాట దగ్గర ఆగిపోతాడు. జిరాక్స్ తీయించి దాని మీద మీరే సంతకం పెట్టండి అని చెబితే, ‘ఓస్, అంతేనా’ అంటాడు.

సాయంత్రం పూట పెద్దవాళ్లకు చదువు చెప్పే చోట మేం కొందరం ఈ ఒక్క ఫారానికి మూడు రకాల తేలిక రూపాలు రాసి, అక్కడికి వచ్చేవాళ్ల చేతే నింపించి చూశాం. మూడింటికీ ఇంగ్లిష్ సూచనలు జత చేశాం. ఏది పనికొచ్చిందో, ఏది బెడిసికొట్టిందో చెబుతాను.

మొదట అందరికీ తట్టే పద్ధతితోనే మొదలుపెట్టాం. ఫారాన్ని అవే గడులు, అదే వరసతో ఉంచి, మాటలు మాత్రం తేలిక చేసి మళ్లీ అచ్చువేయడం. చూడ్డానికి ఇదే అన్నిటికంటే బాగుంది, నింపినవాళ్లకూ నచ్చింది. అసలు చిక్కు ఆ నచ్చడంలోనే ఉంది. ఒకాయన దాన్నే చక్కగా నింపి ఆఫీసుకు పట్టుకెళ్లాడు, వాళ్లు తీసుకోలేదు. తప్పు వాళ్లది కాదు. ఫారం 8 అనేది 1960 నాటి ఓటర్ల నమోదు నిబంధనల కింద వచ్చిన ఫారం. దాని మాటలు మార్చి మనం వేసుకున్నది ఇంకో కాగితమే అవుతుంది. ‘నమూనా’ అని పైన పెద్దక్షరాలతో వేసినా లాభం లేదు. చదవడం కష్టమైన మనిషి పైన ఉన్న హెచ్చరిక వదిలేసి, గడి కనిపించిన చోటికే పోతాడు. ఎవరి కోసం రాశామో వాళ్లనే ఇబ్బంది పెట్టిన రూపం ఇది. దీన్ని అక్కడితో ఆపేశాం.

రెండోది పక్క చీటీ. అసలు ఫారం అసలు ఫారంలాగే ఉంటుంది. దాని గడుల పక్కన పెన్సిల్‌తో 1, 2, 3 అని వేస్తాం. చీటీలో అవే అంకెలు, అంకెకు ఎదురుగా ఒకటి రెండు చిన్న వాక్యాలు. చీటీలో రాసే చోటు ఎక్కడా ఉండదు, గీత కూడా గీయం. గీత ఉంటే దాని మీద రాసేస్తారు మరి. అంకెలు ఫోన్ మీద, నోట్ల మీద రోజూ చూసేవే వాడాం. తెలుగు అంకెలు ముచ్చటగా ఉంటాయి గానీ వాటిని గుర్తుపట్టినవాళ్లు మా దగ్గర ఇద్దరే, వాళ్లూ పంచాంగం చూసే అలవాటున్న పెద్దవాళ్లు.

మూడోది ప్రశ్నల కాగితం. ఇందులో ఫారం వరస అసలు పట్టించుకోం. మనిషి సంగతి మనిషిని అడిగినట్టు అడుగుతాం. సమాధానాలు దీని మీద రాస్తారు లేదా నోటితో చెబుతారు, వాటిని చూసి ఫారం నింపేది పక్కనున్న ఇంకొకరు.

రెండో దానికీ మూడో దానికీ తేడా ఎక్కడ తేలిందో ఒకావిడ సంగతి చెబితే అర్థమవుతుంది. పెళ్లయి అత్తగారి ఊరికి వచ్చి చాలా ఏళ్లయింది. ఓటు పుట్టింటి ఊరి జాబితాలోనే ఉండిపోయింది. కార్డు మీద తండ్రి పేరుంది, దాని బదులు భర్త పేరు రావాలి, ఓటు ఇక్కడికి మారాలి. ఆవిడ ఎవరో చెప్పగా ఫారం 6 పట్టుకొచ్చింది. అది కొత్తగా ఓటు రాయించుకునేవాళ్లది. దాన్ని నింపితే, నా పేరు ఇంకెక్కడా జాబితాలో లేదని సంతకం పెట్టినట్టవుతుంది. ఆవిడ పేరు పుట్టింటి ఊళ్లో ఉండనే ఉంది.

మా పక్క చీటీ ఎంత బాగా రాసినా ఇక్కడ పనికిరాలేదు. అది ఫారం చేతికొచ్చాక మొదలవుతుంది, తప్పు అంతకుముందే జరిగిపోయింది. ప్రశ్నల కాగితంలో మొదటి ప్రశ్నే ‘మీ దగ్గర ఓటరు కార్డు ఉందా? పాతదైనా, వేరే ఊరిదైనా సరే’ అని. ‘ఉంది’ అంటే ఫారం 8. ‘ఎప్పుడూ లేదు’ అంటే ఫారం 6. ఆ ఒక్క ప్రశ్నను తర్వాత పక్క చీటీ నెత్తిన కూడా పెట్టాం.

ఇక ఫారం 8 లోపలికి వెళ్తే, నాలుగు పనులు వరసగా ఉంటాయి: ఇల్లు మారడం, జాబితాలో తప్పు దిద్దడం, కార్డు మళ్లీ ఇవ్వమనడం, వికలాంగులని గుర్తు పెట్టమనడం. వాటిలో ఒక్కదానికే టిక్ పెట్టాలి. ఆవిడకు రెండు పనులున్నాయి కాబట్టి రెండు చోట్లా టిక్ పెట్టింది. చీటీలో ‘ఏదో ఒకటి’ అని రాశాం. ‘రెండూ కావాలి గదా అక్కా, ఒకటి పెడితే ఒకటే చేస్తారేమో’ అంది. న్యాయమే. అప్పుడు ఆ వాక్యాన్ని ఇలా మార్చాం: ‘ఒక్క చోటే టిక్ పెట్టండి. రెండు పనులుంటే రెండు ఫారాలు తీసుకోండి.’ తేలిక చేయడమంటే మాటలు తగ్గించడమనుకుంటాం, ఇక్కడ ఇంకో వాక్యం కలిపితే గాని పని జరగలేదు.

‘సాధారణ నివాసి’ అన్నదీ అంతే. ‘మీరు మామూలుగా ఉండే ఊరు’ అని రాసి ఊరుకుంటే, హైదరాబాదులో మేస్త్రీ పనికెళ్లి పండక్కి పండక్కి వచ్చే మనిషి తనకు రెండు ఊళ్లున్నాయంటాడు. చట్టంలో దీనికి రెండు హద్దులున్నాయి. ఒక ఊళ్లో ఇల్లుందన్న ఒక్క కారణంతో అక్కడి వాసి అయిపోరు. కొన్నాళ్లు బయటికి వెళ్లినంత మాత్రాన ఆ ఊరు వాసి కాకుండానూ పోరు. ఈ రెండూ చీటీలో రాశాం. అయినా మేస్త్రీ సంగతి పూర్తిగా తేలదు, అతను ఎన్నాళ్లుగా, ఎలా ఉంటున్నాడో అడిగి అధికారి తేల్చాల్సిందే. తేలికగా రాస్తే అన్నీ తేలిపోతాయనుకోకూడదు. ‘అనుమానం ఉంటే మీ బూత్ అధికారి బీఎల్ఓని అడగండి, లేదా ఓటర్ల హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేయండి’ అనే వాక్యం అక్కడ పెట్టాం. అది తప్పించుకోవడానికి రాసింది కాదు.

అన్నిటికంటే ఎక్కువసార్లు తిరగరాసింది చివరి సంతకం పైన ఉండే మాట. 1950 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టం 31వ సెక్షన్ ప్రకారం అబద్ధం రాస్తే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అబద్ధమని తెలిసి రాసినా, అబద్ధమని నమ్మి రాసినా, నిజమని నమ్మకుండా రాసినా ఒకటే అంటుంది ఆ సెక్షన్. మేం మొదట ‘అబద్ధం రాస్తే జైలు’ అని కొట్టినట్టు రాశాం. ఒక పెద్దాయన అది చదివి పెన్సిల్ కింద పెట్టేశాడు. పుట్టిన తేదీ సరిగ్గా తెలియదట, తప్పు పడితే తీసుకుపోతారేమోనని టెన్షన్. రెండోసారి మరీ మెత్తగా రాశాం, అందులో జైలు మాటే లేదు. అదీ మోసమే, సంతకం పెట్టే మనిషికి దేని మీద పెడుతున్నాడో తెలియాలి. చివరికి ఇలా నిలిచింది: ‘మీకు నిజమని తెలిసిందే రాయండి. తెలియక తప్పు పడితే అది నేరం కాదు. తెలిసి అబద్ధం రాస్తే, నిజం కాదనుకుంటూనే నిజమని రాస్తే, ఏడాది వరకు జైలు లేదా జరిమానా పడొచ్చు. రెండూ పడొచ్చు.’ పెద్దాయన మళ్లీ పెన్సిల్ తీసుకున్నాడు.

ఇప్పుడు ఇంగ్లిష్ సంగతి. చదువు తక్కువున్న తెలుగు మనిషికి ఇంగ్లిష్ ఎందుకని మొదట నేనూ అన్నాను. అది ఆ మనిషికి కాదు, పక్కన కూర్చుని ఫోన్లోనో కంప్యూటర్లోనో నింపే కొడుక్కి, కోడలికి, ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడికి. స్క్రీన్ మీద వాళ్లకు కనిపించేది `Shifting of Residence` అని. పెద్దావిడ ‘ఇల్లు మారాం’ అంటుంది. ఆ రెండూ ఒకటేనని చెప్పడమే ఇంగ్లిష్ సూచన పని. అందుకే దాన్ని మా తేలిక తెలుగుకు అనువాదంగా రాయలేదు. ముందు అధికారిక ఇంగ్లిష్ ఫారంలో ఉన్న మాట ఉన్నదున్నట్టు, దాని కింద ఏం నింపాలో ఒక వాక్యం. ఆ వాక్యం తెలుగు వాక్యం చెప్పినంతే చెప్పాలి, ఎక్కువా తక్కువా కాకూడదు. జైలు మాట దగ్గర మేం పొరపాటు పడ్డాం. ఇంగ్లిష్ వైపు సెక్షన్ మొత్తం దింపి, తెలుగు వైపు ‘తెలియక తప్పు పడితే నేరం కాదు’ అన్నాం. మనవడు ఇంగ్లిష్ చదివి తాతను మళ్లీ భయపెట్టాడు.

ఇంగ్లిష్‌ను ఎక్కడ పెట్టాలన్నదీ తేలిక కాలేదు. ప్రతి తెలుగు వాక్యం కింద ఇంగ్లిష్ పెడితే నిదానంగా చదివే మనిషి కన్ను తప్పు వరసలోకి జారుతోంది. రెండు నిలువు వరసలుగా పెడితే తెలుగుకు చోటు చాలదు. మన వత్తులకు కింద జాగా కావాలి, అక్షరం 16 పాయింట్లకు తగ్గితే ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్టుంటాయి. ఇరుకు వరసలో పొడుగు మాటలు సగానికి విరిగిపోతాయి, విరిగిన మాట చదవడం వీళ్లకు కొత్త మాట చదివినట్టే. చివరికి చీటీకి ఒక పక్క తెలుగు, వెనకపక్క అవే అంకెలతో ఇంగ్లిష్ వేశాం. ఆవిడ ‘4 దగ్గర ఏముందో చూడు’ అంటే కొడుకు చీటీ తిప్పి 4 చూస్తాడు.

నా లెక్కలో, కాస్త చదవగలిగినవాళ్లకు పక్క చీటీయే మేలు. తమ ఫారం తామే నింపారు, సంతకం దేనికో తెలిసింది. చదవడం బొత్తిగా రానివాళ్లకు ప్రశ్నల కాగితం తప్పదు. అయితే దానికి చివర ఒక పని జోడించాలి: నింపిన ఫారాన్ని గడి గడికీ తిరిగి చదివి వినిపించాలి. లేకపోతే మధ్య మనిషి చేసిన తప్పు కార్డు వచ్చేదాకా బయటపడదు.

పరీక్ష చేసేటప్పుడు ‘అర్థమైందా’ అని మాత్రం అడగకండి. అందరూ అయిందనే అంటారు. ‘ఈ గడిలో మీరైతే ఏం రాస్తారు’ అని పెన్సిల్ చేతికివ్వండి. ఐదుగురిలో ఇద్దరి పెన్సిల్ ఒకే చోట ఆగితే ఆ వాక్యం బాలేదన్నమాట.

చీటీ కింద ఏ ఫారానికి, ఎప్పటి ఫారానికి రాశారో తేదీ వేయండి. 2022 ఆగస్టు 1కి ముందు ఒకే నియోజకవర్గంలో ఇల్లు మారితే ఫారం 8ఎ ఉండేది. తర్వాత అది పోయి అంతా ఫారం 8లో కలిసింది. మాకు ఒక చోట గోడకు అంటించిన పాత చీటీ కనిపించింది, మంచి తేలిక తెలుగులో, ఫారం 8ఎ అడగండి అని చెబుతూ.