పది కిలోమీటర్ల కొండదారి: పై బసా, కింది బసా?

రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి కొండ మీదికి కాలిబాట. 6 కిలోమీటర్ల దగ్గర ఒక బస, 10 కిలోమీటర్ల దగ్గర ఇంకో బస. మొదటిది వెడల్పైన గదులు, వేడినీళ్లు, మెట్లు లేని నేల అంతస్తు. రెండోది చిన్నది, ఒకే గదిలో వరుస మంచాలు, కానీ తెల్లవారితే కళ్లెదురుగా లోయ మొత్తం. మేమిద్దరం. నేను, 66 ఏళ్ల మా బాబాయి. ఇద్దరి వీపుల మీదా 10 కిలోల చొప్పున బ్యాగులు. బస్సు దిగి నడక మొదలుపెట్టేసరికి ఉదయం 11 అవుతుంది, సాయంత్రం 6కి చీకటి. ఆ ఏడు గంటల్లో పై బసకు చేరగలమా అన్నదే తేల్చుకోవాల్సిన విషయం.

పై బసకు ఫోన్ చేస్తే "ఎంతసేపండీ, మూడు గంటలు" అన్నారు. అబద్ధం చెప్పాలని కాదు, రోజూ ఎక్కే మనిషి తన నడకనే చెబుతాడు. అందుకే ఎన్ని గంటలు అని అడగడం మానేసి రెండే రెండు అడగాలి: దూరం ఎంత, మొత్తం ఎక్కేది ఎంత. ఆ రెండోది అడిగేటప్పుడు జాగ్రత్త. బయలుదేరే చోటుకీ చేరే చోటుకీ మధ్య ఎత్తు తేడా ఇక్కడ 820 మీటర్లు. కానీ దారి మధ్యలో ఒక వాగు దాటడానికి 80 మీటర్లు దిగి మళ్లీ ఎక్కాలి. అంటే కాళ్లు నిజంగా ఎక్కేది 900 మీటర్లు. చాలామంది చెప్పేది ఎత్తు తేడానే. మ్యాప్‌లో ఎత్తుగీతలు చూస్తూ పైకి వెళ్లే ముక్కలన్నీ విడిగా కూడితేనే అసలు లెక్క వస్తుంది.

ఇక గంటల లెక్క. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. ఇప్పటి కొలతల్లో చెబితే చదును మీద గంటకు 5 కిలోమీటర్లు, దానికి అదనంగా ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఒక గంట. మా దారికి దూరానికి 2 గంటలు, ఎక్కుడుకు గంటన్నర, మొత్తం మూడున్నర గంటలు. బస వాళ్లు చెప్పిన మాటకు దగ్గరగానే ఉంది. అయితే ఈ సూత్రం మంచి ఒంటి సత్తువ ఉన్న మనిషికి, ఆగకుండా నడిస్తే. అందులో నాకు బాగా నచ్చేది ఆ అంకెలు కాదు, దూరాన్నీ ఎత్తునీ విడదీసిన పద్ధతి. వయసు, బరువు ఈ రెండు భాగాల మీద ఒకేలా పడవు కాబట్టి ఆ విడదీయడం చాలా అవసరం.

చదును మీద మామూలుగా నడిచేటప్పుడు మన గుండె, ఊపిరితిత్తులు తమ శక్తిలో కొంత భాగమే వాడతాయి. అందుకే ఆరోగ్యంగా ఉన్న అరవై ఏళ్ల మనిషి చదును మీద కుర్రవాళ్ల వెంట హాయిగా కబుర్లు చెబుతూ నడుస్తాడు. ఎక్కేటప్పుడు అలా కాదు, శరీరం తన గరిష్ఠానికి దగ్గరగా పనిచేయాలి. ముప్పై దాటాక వ్యాయామం లేని మనిషిలో ఆ గరిష్ఠం పదేళ్లకు సుమారు 10 శాతం చొప్పున తగ్గుతూ వస్తుంది. రోజూ ఒళ్లు వంచేవాళ్లలో తగ్గుదల అంతకంటే తక్కువ. కాబట్టి "వయసు 66 అయితే ఇంత సమయం కలపండి" అనే పట్టికను నేను నమ్మను. అదే వయసున్న ఇద్దరు మనుషుల మధ్య ఎక్కే వేగంలో రెట్టింపు తేడా ఉండొచ్చు. వయసు అడగడం కంటే ఎక్కించి చూడడం మేలు.

బయలుదేరే ముందే బాబాయిని అలాగే చూశాను. ముందు చదును మీద, ఆయన ఇష్టమైన నడకలో: గంటకు 4 కిలోమీటర్లు. తర్వాత ఒక గుట్ట మీదికి 2 కిలోమీటర్ల దారి, 150 మీటర్ల ఎక్కుడు, బ్యాగు లేకుండా. 52 నిమిషాలు పట్టింది. అందులో 2 కిలోమీటర్ల దూరానికి 30 నిమిషాలు తీసేస్తే మిగిలిన 22 నిమిషాలు 150 మీటర్ల ఎక్కుడు ఖర్చు. అంటే 100 మీటర్లకు సుమారు 15 నిమిషాలు. నైస్మిత్ లెక్కలో ఇది 10 నిమిషాలే. ఇలా దూరం ఖర్చు తీసేసి ఎక్కుడు ఖర్చు విడిగా పట్టుకోవడమే ఇందులో కీలకం. 52 నిమిషాలనూ ఎత్తు ఖాతాలోనే వేసి, తర్వాత దూరానికి మళ్లీ కలిపితే ఒకే ఖర్చు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది.

బరువు సంగతి ఇంకా తేలిక. ఎక్కడమంటే మన ఒంటిని, వీపు మీది బ్యాగుని కలిపి పైకి మోయడమే. బాబాయి 65 కిలోలు, బ్యాగు 10. మొత్తం 75 కిలోలు ఎత్తాలి, అంటే ఎక్కే పని 15 శాతం పెరుగుతుంది. ఊపిరి పెరగదు కాబట్టి సమయం పెరుగుతుంది. 900 మీటర్లకు 2 గంటల 15 నిమిషాలు కావాల్సింది 2 గంటల 36 నిమిషాలవుతుంది. చదును మీద ఈ బరువు ప్రభావం తక్కువ, రెండున్నర గంటలకు ఓ పది నిమిషాలు కలిపాను. మొత్తం 5 గంటల 16 నిమిషాలు, గంటకో పది నిమిషాల విశ్రాంతితో 6 గంటల పైనే. 11కి బయలుదేరితే 5 దాటుతుంది. చీకటికి గంట కూడా మిగలదు. కొండదారిలో అంత ఇరుకు నాకు నచ్చదు.

బరువు తగ్గించే దారులు రెండున్నాయి. బ్యాగుల్ని కంచర గాడిదల మీద పైకి చేర్చే ఏర్పాటు ఒకటి. అది బాగానే నడుస్తోంది, కానీ పొద్దున్నే 8కి వెళ్లిపోతుంది. కింది బసలో ముందురోజు రాత్రి ఉండేవాళ్లకే అందుతుంది, మాలాగా మధ్యాహ్నానికి వచ్చేవాళ్లకు ఉపయోగం లేదు. రెండోది బరువు మార్చుకోవడం. జట్టు చేరే సమయమంటే నిదానంగా నడిచే మనిషి చేరే సమయమే కాబట్టి ఆయన వీపు మీద తగ్గే ప్రతి కిలో అందరికీ లాభం. నాది 75 కిలోల ఒళ్లు, బ్యాగు లేకుండా 100 మీటర్లకు 10 నిమిషాలు. బాబాయి బ్యాగులోంచి 6 కిలోలు నేను తీసుకుంటే నా బరువు 16 కిలోలవుతుంది, నా ఎక్కుడు గంటన్నర నుంచి సుమారు 110 నిమిషాలకు పెరుగుతుంది. అయినా బాబాయి కంటే ముందే ఉంటాను. ఆయనకు మాత్రం 100 మీటర్లకు 16 నిమిషాలే పడుతుంది. అలా మొత్తం 5 గంటల 50 నిమిషాలకు దిగింది. ఇంతకంటే ఎక్కువ తీసుకోలేదు. నా 16 కిలోలు అప్పటికే ఒంటి బరువులో ఐదో వంతు దాటాయి, ఇంకా పెరిగితే ఈ తేలిక లెక్క పనిచేయదు. భుజాలు, మోకాళ్లు అడ్డం తిరుగుతాయి, అడుగు తడబడుతుంది.

దారి మధ్యలో కింది బస ఉండడం మాకు పెద్ద అండ. అక్కడి దాకా 6 కిలోమీటర్లు, 300 మీటర్ల ఎక్కుడు, విశ్రాంతితో 2 గంటల 40 నిమిషాలు. అంటే 1:40కి చేరాలి. 2:15 దాటితే ఇక ఆలోచన లేదు, అక్కడే ఆగిపోవడం అని ముందే అనుకున్నాం. రెండు బసలకూ ఆ మాట చెబితే ఇద్దరూ ఒప్పుకున్నారు, అందుకు వాళ్లను మెచ్చుకోవాలి. మేం 1:50కి చేరాం. ముందుకే వెళ్లాం.

పై భాగంలో చివరి 700 మీటర్ల దూరంలో 200 మీటర్లు ఎక్కాలి. రాతిమెట్లు, ఒక్కొక్కటీ మోకాలి సగం ఎత్తు. లెక్క ప్రకారం 43 నిమిషాలు, మాకు దాదాపు గంట పట్టింది. బాబాయి ప్రతి ఇరవై మెట్లకూ నిలబడి కర్ర మీద రెండు చేతులూ ఆనించి ఊపిరి తీసుకునేవారు. అలసట ఈ సూత్రాల్లో లేదు. మొదటి గంటలో కొలిచిన వేగం ఐదో గంటకు నిలవదు. నిటారైన ఎక్కుడు దారి చివర్లో ఉంటే ఆ ముక్కకు నాలుగో వంతు అదనంగా వేసుకోవడం మంచిది. 5:10కి బస గుమ్మం దగ్గర ఉన్నాం. 7 దాకా భోజనం పెడతారు, ఆలస్యమైనా విసుక్కోరు. కాకపోతే దుప్పట్లు పలుచన, పెద్దవాళ్లకు పైమంచం ఇవ్వకుండా చూసుకోవాలి.

తిరుగు దారిలో దిగుడు మీద చాలామంది ఆశ పెట్టుకుంటారు. నైస్మిత్ సూత్రానికి పర్వతారోహకుడు ఎరిక్ లాంగ్‌ముయిర్ చేర్చిన సవరణ ప్రకారం 5 నుంచి 12 డిగ్రీల మెత్తని వాలులో ప్రతి 300 మీటర్ల దిగుడుకు 10 నిమిషాలు తగ్గించాలి, 12 దాటిన వాలులో అంతే కలపాలి. తక్కువ వాలులో దిగడం నిజంగానే చదును కంటే వేగం. కానీ మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు నేను ఆ తగ్గింపు వేయను, కలపాల్సింది మాత్రం రెట్టింపు కలుపుతాను. ఆ రాతిమెట్లు 16 డిగ్రీల వాలు. సూత్రం ప్రకారం సుమారు 17 నిమిషాల్లో దిగాలి. బాబాయి పక్కకు తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టి దిగారు. 35 నిమిషాలు. కింద వాగు దగ్గర మళ్లీ 80 మీటర్లు ఎక్కాలని గుర్తుపెట్టుకుని దానికో పావుగంట వేసుకున్నాం, సరిపోయింది.

మళ్లీ వెళ్తే పెద్దవాళ్లతో మొదటి రాత్రి కింది బసలోనే ఉంటాను. పొద్దున 8కి బ్యాగులు గాడిదల మీద పంపి, ఖాళీ వీపుతో మిగిలిన 4 కిలోమీటర్లు, 600 మీటర్లు ఎక్కితే బాబాయి లెక్కలో రెండున్నర గంటలు, విశ్రాంతితో మూడు. ఎండ ముదరకముందే పైన ఉంటారు. 100 మీటర్లు 10 నిమిషాల్లో ఎక్కేవాళ్లయితే కింద ఆగాల్సిన పనిలేదు. 100 మీటర్లకు 20 నిమిషాలు పట్టేవాళ్లు మాత్రం పై బస మధ్యాహ్నం పూట అసలు అనుకోవద్దు. ఎక్కుడుకే 3 గంటలు, దూరానికి రెండున్నర, విశ్రాంతి కలిపితే ఆరున్నర గంటలు. బ్యాగు బరువు ఇంకా కలపనేలేదు.