ఒక్కటే చీర, ఇద్దరు కొన్నారు: మూడేళ్లు వాడాక ‘హోల్డ్ స్టాక్’ గురించి

మాది గద్వాల. బాడీ నూలు, అంచూ కొంగూ పట్టు ఉండే చీరలు నేతవాళ్ల దగ్గర తెచ్చి ఆన్‌లైన్‌లో అమ్ముతాం. సైటు వర్డ్‌ప్రెస్‌లో దుకాణం నడిపే వూకామర్స్ ప్లగిన్ మీద నడుస్తుంది. ఒక రంగుకు ఒక అంచు కలిసిన చీర మా దగ్గర సాధారణంగా ఒక్కటే ఉంటుంది, అంటే స్టాక్ అంకె 1. సబ్బులమ్మే షాపులో ఒక పెండింగ్ ఆర్డరు ఉంటే ఎవరికీ తెలియదు. మా షాపులో మాత్రం అది ఉన్న ఒక్క చీరనూ పట్టుకు కూర్చుంటుంది.

ముందు ఒక సంగతి. కార్ట్‌లో వేసుకున్నంత మాత్రాన వూకామర్స్ చీరను ఎవరికీ ఆపదు. మొదట్లో ఇది లోపమనుకున్నాను, ఇప్పుడు ఇదే మేలనిపిస్తోంది. రాత్రిపూట అయిదారు చీరలు కార్ట్‌లో వేసుకుని, ‘మా ఆయన్ను అడిగి కొంట’ అని పడుకునేవాళ్లే ఎక్కువ. వాళ్లందరి కోసం ఆపితే అమ్మడానికి ఏమీ మిగలదు. చీర ఆగేది ఆర్డరు పెట్టి, డబ్బు ఇంకా పడని `Pending payment` దశలో. ఎంతసేపు ఆగాలన్నది ఇన్వెంటరీ సెట్టింగ్స్‌లోని `Hold stock` నిమిషాలు చెబుతాయి. మామూలుగా అక్కడ 60 ఉంటుంది.

60తో మా బాధ ఏమిటంటే, ఆగి ఉన్న చీర స్టాక్ అంకెలోంచి తగ్గదు. పేజీలో ఉన్నట్టే కనిపిస్తుంది, కొనబోతే సరిపడా స్టాక్ లేదంటుంది. ‘అక్కా, ఉందని సూపిస్తది, కొనబోతే లేదంటది, ఏందిది?’ అని పండుగ రోజుల్లో రోజూ ఫోన్లే. విసుగొచ్చి 10 చేశాను. అది నా తప్పు.

దసరా ముందు శనివారం. ఆవపువ్వు రంగు బాడీకి మెరూన్ అంచు. ఒకావిడ రాత్రి 8:42కి ఆర్డరు పెట్టి యూపీఐలో పిన్ కొట్టింది. ఖాతాలో డబ్బు కట్ అయింది, యాప్ మాత్రం ‘ప్రాసెసింగ్’ అంటూ తిరుగుతూనే ఉంది. చూసి చూసి పేజీ మూసేసింది. 8:52కి గడువు అయిపోయింది. 8:57కి ఇంకొకావిడ అదే చీర కొని డబ్బు కట్టేసింది, మెసేజ్ కూడా వెళ్లింది. 9:02కి మొదటి ఆర్డరు దానంతటదే క్యాన్సిల్ అయింది. 9:06కి పేమెంట్ గేట్‌వే నుంచి వెబ్‌హుక్ వచ్చింది, అంటే డబ్బు అందిందని మా సర్వర్‌కు నేరుగా వచ్చే కబురు. క్యాన్సిలైన ఆర్డరు లేచి `Processing` అయింది. స్టాక్ చూస్తే -1.

ముందు డబ్బు పోయింది మొదటావిడకి, ముందు మెసేజ్ అందింది రెండో ఆవిడకి. చీర రెండో ఆవిడకే పంపి, మొదటావిడకు ఆ రాత్రే రిఫండ్ పెట్టాను. ఆవిడ తిట్టిన తిట్లు న్యాయమే. అసలు కబురే రాకపోయి ఉంటే డబ్బు వెనక్కి వెళ్లడానికి ఇంకా టైం పట్టేది: దుకాణానికి చేరని యూపీఐ డబ్బును కట్టిన రోజు నుంచి అయిదు రోజుల్లోగా తిరిగి వేయాలన్నది రిజర్వ్ బ్యాంక్ 2019లో పెట్టిన గడువు.

ఆ తర్వాత పాత ఆర్డర్లు తీసి, ఆర్డరు పెట్టిన టైమూ డబ్బు అందిన టైమూ పక్కపక్కన రాసుకున్నాను. చాలావరకు అయిదు నిమిషాల్లో పడ్డాయి, ఆలస్యమైన కొన్ని ఇరవై దాకా వెళ్లాయి. గేట్‌వేలో పేమెంట్ పేజీ గడువు 15 నిమిషాలు పెట్టి, ఇక్కడ 30 చేశాను. చీర ఆగే టైము డబ్బు కట్టే టైము కన్నా ఎక్కువ ఉండాలి. నా 10 ఇక్కడే దెబ్బతింది. రెండేళ్లలో మళ్లీ -1 ఒక్కసారే వచ్చింది. బ్యాంకు గంట తర్వాత చెప్పే పేమెంటును ఏ అంకె పెట్టినా పట్టుకోలేం.

30 పెట్టినా, రాత్రి ఒంటిగంటకు వచ్చిన ఆర్డరు తెల్లారేదాకా పెండింగ్‌లోనే కనిపించేది. క్యాన్సిల్ చేసే పని సైటుకు ఎవరైనా వస్తేనే కదులుతుంది, ఆ వేళకి మా సైటుకు ఎవరొస్తారు? మా తమ్ముడు `wp-config.php`లో `DISABLE_WP_CRON`ను `true` చేసి, సర్వర్ క్రాన్‌ట్యాబ్‌లో అయిదు నిమిషాలకోసారి ఆ పనిని కదిలించే ఈ లైను వేశాడు:

```
*/5 * * * * wget -q -O /dev/null "https://example.com/wp-cron.php?doing_wp_cron"
```

`example.com` ఉన్నచోట మీ సైటు పేరు రాయాలి.

ఈ సెట్టింగ్ చేయి అందని చోటు ఇంకొకటుంది. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ ఎంచుకున్న ఆర్డరు `On hold`లోకి పోతుంది, స్టాక్ నిజంగానే తగ్గుతుంది, ఎన్ని నిమిషాలైనా దానంతటది క్యాన్సిల్ కాదు. తెలిసినవాళ్లు ‘రెండు రోజులు ఆపు అక్కా, కడత’ అంటే నేనూ చేత్తో అలాగే పెడతాను. ఒకసారి అలా పెట్టి మరిచిపోతే కోటకొమ్మ అంచు చీర 19 రోజులు సైటులో కనిపించనే లేదు, బతుకమ్మ కూడా దాటిపోయింది. ఇప్పుడు పొద్దున చాయ్ తాగుతూ ముందు ఆన్ హోల్డ్ జాబితానే తెరుస్తాను. మూడో రోజు ఫోన్ చేస్తాను, ఎత్తకపోతే క్యాన్సిల్ కొడతాను. చీర తిరిగి సైటులోకి వచ్చేస్తుంది.