ఆస్తమా ఉన్నవాళ్లకి ఏది మేలు: హెవీ సెట్లా, తేలిక బరువుతో ఆగకుండా చేసే సర్క్యూటా?

ఆస్తమా ఉందని తెలియగానే జిమ్‌లో ఎవరో ఒకరు చెప్పే మాట ఒకటుంది: "హెవీ జోలికి పోకు, తేలిక బరువులు పెట్టుకుని రెప్స్ ఎక్కువ చెయ్యి." వినడానికి జాగ్రత్తగా అనిపిస్తుంది గానీ, ఊపిరి లెక్కలో చూస్తే ఈ సలహా చాలావరకు తలకిందులు. ఎందుకో చెబుతాను.

ముందు ఒక షరతు. ఇదంతా ఆస్తమా బాగా అదుపులో ఉన్నవాళ్ల గురించి. అదుపు అంటే గత నాలుగు వారాల్లో పగటిపూట లక్షణాలు వారానికి రెండుసార్లకి మించకపోవడం, రిలీవర్ ఇన్హేలర్ అవసరం కూడా అంతకు మించకపోవడం (వ్యాయామానికి ముందు తీసుకునేది ఈ లెక్కలోకి రాదు), రాత్రిపూట ఆయాసంతో మెలకువ రాకపోవడం, రోజువారీ పనులకి అడ్డు లేకపోవడం. వీటిలో ఏది తప్పినా ముందు డాక్టర్‌తో మందుల సంగతి తేల్చుకోండి, బరువుల ముచ్చట తర్వాత.

ఇక అసలు విషయం. వ్యాయామంతో వచ్చే ఆయాసానికి కారణం బరువు కాదు, రొప్పడం. గట్టిగా రొప్పుతున్నప్పుడు నోటితో బోలెడంత గాలి పీలుస్తాం, ఆ గాలిని వేడిచేసి తేమ పట్టించే పని శ్వాసనాళాల మీద పడుతుంది, దాంతో లోపలి పొర ఎండిపోతుంది. అలా ఎండినప్పుడు అక్కడి కణాలు హిస్టమిన్ లాంటి రసాయనాలు వదులుతాయి, నాళాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. దీనికి సాధారణంగా కొన్ని నిమిషాల పాటు ఎడతెగని రొప్పు కావాలి, ఐదు నుంచి ఎనిమిది నిమిషాలంటే సరిగ్గా సరిపోతుంది. అందుకే పరుగు అన్నిటికన్నా ముందు ఆయాసం పట్టిస్తుంది. ఇరవై సెకన్ల సెట్ అంత తేలిగ్గా పట్టించదు.

ఇప్పుడు ఒకే మనిషి స్క్వాట్‌ని రెండు రకాలుగా చూద్దాం. మొదటిది 80 కిలోలు, ఐదు రెప్స్, ఐదు సెట్లు, మధ్యలో మూడు నిమిషాల విరామం. మొత్తం ఎత్తింది 2000 కిలోలు. రెండోది 50 కిలోలు, పది రెప్స్, నాలుగు సెట్లు, మధ్యలో ముప్ఫై సెకన్లే విరామం, అది అవ్వగానే లంజెస్, ఆ వెంటనే రోయింగ్ మెషీన్. స్క్వాట్ వరకు చూస్తే ఇక్కడా 2000 కిలోలే. మొదటి పద్ధతిలో సెట్ ఇరవై, ఇరవై ఐదు సెకన్లలో అయిపోతుంది, తర్వాత కాసేపు రొప్పు వస్తుంది, మూడో నిమిషం వచ్చేసరికి మామూలుగా మాట్లాడగలుగుతారు, అంటే ప్రతిసారీ ఊపిరి నెమ్మదించాకే మళ్లీ బార్ కిందికి వెళ్తున్నారు. రెండోదానిలో స్క్వాట్ ఒక్కటే మూడున్నర నిమిషాలు పడుతుంది, ఆ ముప్ఫై సెకన్ల విరామంలో ఊపిరి ఎక్కడా కిందికి దిగదు, లంజెస్, రోయింగ్ కలిసేసరికి పది నిమిషాల ఎడతెగని రొప్పు అవుతుంది. బరువు తేలికే, కానీ శ్వాసనాళాలకి అది పరుగుతో సమానం.

కాబట్టి నా ఓటు హెవీకే, ఊపిరితిత్తుల వరకు. "హెవీ" అంటే ప్రతి వారం మ్యాక్స్ కొట్టమని కాదు. సెట్ ఆపేసరికి ఇంకా ఒకటి రెండు రెప్స్ చేయగలిగే ఓపిక మిగలాలి, విరామం రెండున్నర నుంచి నాలుగు నిమిషాలు ఉండాలి. గడియారం కన్నా మంచి కొలత ఇంకోటి ఉంది: మధ్యలో ఆగకుండా ఒక పూర్తి వాక్యం చెప్పగలుగుతున్నారా, నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి తీసుకోగలుగుతున్నారా? రెండూ అవునంటే తర్వాతి సెట్‌కి సిద్ధం. పక్కవాడు బార్ కోసం ఎదురుచూస్తున్నాడని తొందరపడకండి, కావాలంటే వాడికి మధ్యలో ఒక సెట్ ఇచ్చేయండి, మీకు విరామం ఊరికే దొరికినట్టే.

సర్క్యూట్ అసలు చేయకూడదా అంటే, చేయొచ్చు. దమ్ము పెరగాలంటే అదీ కావాలి, దమ్ము పెరిగినకొద్దీ అదే పనికి రొప్పు తగ్గుతుంది కూడా. కాకపోతే ఆ రోజు వార్మప్ వేరుగా ఉండాలి.

వార్మప్‌లోనూ రెండు దారులున్నాయి. ట్రెడ్‌మిల్ మీద ఒకే వేగంతో పది నిమిషాలు జాగింగ్ చేయడం ఒకటి, మధ్యమధ్యలో చిన్న చిన్న దూకుళ్లతో చేయడం ఇంకొకటి. రెండోది ఇలా ఉంటుంది: మూడు నాలుగు నిమిషాలు సైకిల్ నెమ్మదిగా తొక్కి, తర్వాత ముప్ఫై సెకన్లు గట్టిగా, ఒక నిమిషం నెమ్మదిగా, ఇలా ఆరు ఏడుసార్లు, చివర్లో రెండు నిమిషాలు తేలిగ్గా. మొత్తం పదిహేను నిమిషాలు. వ్యాయామంతో ఆయాసం వచ్చేవాళ్లలో దాదాపు సగం మందికి ఒక వెసులుబాటు ఉంటుంది, ఒకసారి నాళాలు ఈ ఒత్తిడి చూశాక తర్వాత రెండు గంటల పాటు అంత తేలిగ్గా బిగుసుకోవు. ఆ వెసులుబాటు తెచ్చుకోవడానికి ఒకే వేగంతో చేసేదానికన్నా దూకుళ్లున్న వార్మప్ బాగా పనిచేస్తుంది. మీరు ఆ సగంలో ఉన్నారో లేదో రెండు మూడు వారాలు గమనిస్తే మీకే తెలిసిపోతుంది.

అయితే హెవీ రోజున ఇంత హంగామా అక్కర్లేదని నా అభిప్రాయం, కాళ్లు అక్కడే అలిసిపోతాయి. ఐదు నిమిషాలు తేలిగ్గా నడిచి, ఖాళీ బార్‌తో పది రెప్స్, 40 కిలోలతో ఐదు, 60తో మూడు, 70తో రెండు, అప్పుడు 80. మధ్యలో ఆగుతూ పెరుగుతూ పోయే ఈ మెట్లే ఊపిరికీ చిన్న చిన్న దూకుళ్ల వార్మప్. సర్క్యూట్ రోజున మాత్రం ఆ పదిహేను నిమిషాలు ఎగ్గొట్టొద్దు.

"వార్మప్ ఎందుకు, రెండు పఫ్‌లు కొట్టి మొదలుపెడితే పోలా" అనేవాళ్లూ ఉన్నారు. సాల్బుటమాల్ వ్యాయామానికి పావుగంట ముందు తీసుకుంటే పనిచేస్తుంది, రెండు నుంచి నాలుగు గంటలు కాపాడుతుంది, అందులో అనుమానం లేదు. కానీ రోజూ అదే పనిగా వాడితే ఆ రక్షణ పలచబడుతుంది. పైగా కొందరికి చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, బెంచ్ ప్రెస్‌లో బార్ పైన సన్నగా ఊగుతుంటే అది బలహీనత అనుకుని బరువు తగ్గించేస్తారు, నిజానికి అది మందు పని. దాని మీద గట్టి ప్రీవర్కౌట్ కూడా తాగితే ఆ దడ రెట్టింపు. డాక్టర్ వ్యాయామానికి ముందు తీసుకోమని చెప్పి ఉంటే తీసుకోండి, వార్మప్‌ మాత్రం మానొద్దు. ప్రతిసారీ పఫ్ లేకుండా కదల్లేకపోతుంటే రోజువారీ స్టెరాయిడ్ ఇన్హేలర్ సరిగ్గా వాడుతున్నారా, మోతాదు చాలడం లేదా అనేది డాక్టర్‌ని అడగాల్సిన ప్రశ్న. రిలీవర్‌గా ఫార్మోటెరాల్, స్టెరాయిడ్ కలిసిన ఇన్హేలర్ వాడేవాళ్లుంటే, దాన్నే వ్యాయామానికి ముందు కూడా వాడొచ్చా అని అడగండి.

ఇప్పుడు కష్టమైన సెట్‌లో ఊపిరి సంగతి. ఊపిరి బిగబట్టి లేవడమా, లేస్తూ వదలడమా? ఆస్తమా ఉన్నవాళ్లు బిగబట్టకూడదని చాలామంది చెబుతారు. రెండు మూడు సెకన్లు బిగబట్టినంత మాత్రాన నాళాలు బిగుసుకోవు. హెవీ స్క్వాట్‌లో, డెడ్‌లిఫ్ట్‌లో నడుము గట్టిగా నిలబడాలంటే ఆ బిగింపు కావాలి కూడా. బీపీ, హెర్నియా, గ్లాకోమా ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లు కష్టమైన చోటు దాటుతూ వదలడమే మంచిది.

ఇబ్బంది వచ్చేది బిగబట్టడం దగ్గర కాదు, రెప్‌కీ రెప్‌కీ మధ్య. ఆరో రెప్ దగ్గర గమనించండి: పైకి లేచి "హ్హా" అని సగం గాలి వదిలి, వెంటనే ఇంకో గుక్క పీల్చి కిందికి దిగిపోతాం. తర్వాతి రెప్‌లోనూ అంతే. పాత గాలి పూర్తిగా పోకుండానే కొత్త గాలి వచ్చి చేరుతుంది, ఎనిమిదో రెప్‌కి ఛాతీ నిండుగా ఉబ్బి ఉంటుంది, భుజాలు చెవుల దాకా లేస్తాయి, "గాలి అందడం లేదు" అనిపిస్తుంది. నిజానికి గాలి బయటికి పోవడం లేదు. కాబట్టి ఇంకా గట్టిగా పీల్చడం దీనికి మందు కాదు. పైన ఆగి, ఈల వేస్తున్నట్టు పెదాలు ముడిచి పూర్తిగా వదలండి, అప్పుడు పొట్టలోకి ఒక గుక్క తీసుకుని బిగించి దిగండి. రెప్‌కి ఒక ఊపిరి చొప్పున, ఐదు రెప్స్‌కి మించిన సెట్లలో పైన రెండు ఊపిర్లు. ఒకే గుక్కలో మూడు రెప్స్ లాగించేసే అలవాటు మానుకోండి, తర్వాత వచ్చే రొప్పు దానికి మూడింతలు ఉంటుంది.

బార్ రాక్‌లో పెట్టాక కూడా ఇంతే. మోకాళ్ల మీద చేతులు ఆనించి కొంచెం ముందుకి వంగి, ముక్కుతో తీసుకుని, తీసుకున్నదానికి రెట్టింపు సేపు పెదాల మధ్య నుంచి వదలాలి. సుద్దపొడి మేఘంలో నిలబడి కాదు, దానికి కాస్త దూరంగా.

ఇది మామూలు అలసటా, ఆస్తమానా అని ఎలా తెలుస్తుంది? అలసటతో వచ్చే రొప్పు ఆపగానే తగ్గడం మొదలవుతుంది. ఆస్తమా ఎక్కువగా ఆపిన తర్వాత, ఐదు పది నిమిషాలకి ముదురుతుంది: పొడి దగ్గు, ఛాతీ బిగుసుకోవడం, ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు. అందుకే చివరి సెట్ అవ్వగానే బ్యాగ్ సర్దుకుని వెళ్లిపోకుండా పది నిమిషాలు నెమ్మదిగా నడవండి. గాలిని ఎంత వేగంగా ఊదగలరో కొలిచే పీక్ ఫ్లో మీటర్ ఉంటే ఇంకా తేలిక. మీ అత్యుత్తమ రీడింగ్ 500 అనుకుంటే, జిమ్‌కి వెళ్లేముందు 400 కన్నా తక్కువ వస్తే ఆ రోజు కష్టమైన పని వద్దు. జలుబు చేసి తగ్గిన తర్వాత కొన్ని వారాలు నాళాలు చిరాగ్గానే ఉంటాయి, అప్పుడు సర్క్యూట్ పక్కనపెట్టి హెవీ మాత్రమే, అదీ బరువు తగ్గించి, చేసుకోవచ్చు.

ఇన్హేలర్ బ్యాగ్‌లో కాదు, ర్యాక్ పక్కనే ఉండాలి. సెట్ మధ్యలో పిల్లికూతలు మొదలైతే బార్ పెట్టేసి రిలీవర్ తీసుకోండి, తగ్గినా ఆ రోజుకి అంతే. మందు తీసుకున్నా తగ్గకపోయినా, పూర్తి వాక్యం మాట్లాడలేకపోయినా వెంటనే ఆసుపత్రికి. అలా కాకుండా శబ్దం గొంతు దగ్గర, ఊపిరి పీల్చేటప్పుడు వస్తూ, ఆపిన రెండు మూడు నిమిషాల్లోనే పోతూ, ఇన్హేలర్‌తో ఏ తేడా లేకపోతే అది ఆస్తమా కాకపోవచ్చు, స్వరపేటిక దగ్గర బిగుసుకోవడం వల్ల కూడా అలా అవుతుంది. దానికి పఫ్‌లు పెంచి లాభం లేదు, చికిత్సే వేరు.