అద్దె వసూలు సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? "ఆటో మ్యాచ్" దగ్గర జాగ్రత్త

అద్దెలు ఆటోపేలో వాటంతటవే వచ్చేస్తాయి, "ఆటో మ్యాచ్"తో ఏ ఫ్లాటు డబ్బు ఆ ఫ్లాటు లెక్కలో పడిపోతుంది అని చెప్పి అమ్మే సాఫ్ట్‌వేర్ కొనబోతున్నవాళ్ళు ముందు ఇది చదవండి. డబ్బు రాకపోతే ఆ నెలే తెలిసిపోతుంది. వచ్చిన డబ్బు వేరే ఫ్లాటు పేరు మీద జమైతే మాత్రం, ఎవరో ఒకరు గొడవకొచ్చేదాకా బయటపడదు.

ఎలా జరుగుతుందో చూడండి. 101, 102, 201 ఫ్లాట్ల అద్దె 12,000 చొప్పున, 202ది 13,500. నాలుగూ ఆటోపేలో ఉన్నాయి. 203 అద్దె కూడా 12,000 గానీ, వాళ్ళు ఆటోపే పెట్టుకోలేదు, ఇంకా కట్టలేదు. ఒకటో తారీఖున సాఫ్ట్‌వేర్ నాలుగు ఫ్లాట్లకీ "పెయిడ్" అని వేసి రసీదులు పంపేస్తుంది. నిజానికి ఆరోజు జరిగింది వాళ్ళ బ్యాంకులకు డబ్బు అడుగుతూ కోరిక వెళ్ళడం మాత్రమే. నాలుగో తారీఖున మీ ఖాతాలో నాలుగు జమలు కాదు, ఒకటే జమ పడుతుంది: 49,500లోంచి ఒక్కోదానికి 50 చొప్పున కమిషన్ పోను 49,300. ఇక్కడిదాకా పర్వాలేదు.

ఆరో తారీఖున 102 వాళ్ళ ఖాతాలో సరిపడా డబ్బు లేదని బ్యాంకు ఆ చెల్లింపును తిప్పికొడుతుంది. ఇలాంటి రిటర్న్‌లు కొన్నిసార్లు ఆలస్యంగా తెలుస్తాయి. ఆ 12,000 మీ ఖాతాలోంచి విడిగా కోయరు, తర్వాత రావలసిన జమలోంచి మినహాయిస్తారు. ఏడో తారీఖున 301 వాళ్ళు ఆటోపేలో 14,000 పూర్తిగా కడితే, అందులోంచి 50 కమిషన్, 12,000 రిటర్న్, 250 రిటర్న్ ఛార్జీ పోగా మీకొచ్చేది 1,700. స్టేట్‌మెంట్‌లో ఆ 1,700 ఏ ఫ్లాటుదో చెప్పే ముక్క ఒక్కటీ ఉండదు. సాఫ్ట్‌వేర్‌లో చూస్తే 102 ఇంకా "పెయిడ్" అనే ఉంటుంది.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. 102 ఆయన తన ఆటోపే పడలేదని తెలుసుకుని, భార్య ఖాతా నుంచి 12,000 నేరుగా మీ బ్యాంకుకు పంపుతాడు, వివరం దగ్గర "రెంట్" అని మాత్రమే రాస్తాడు. ఆటో మ్యాచ్ 12,000 బాకీ ఎవరికుందా అని వెతుకుతుంది. 102కి బాకీ కనబడదు కాబట్టి ఆ డబ్బు తీసుకెళ్ళి 203కి జమ చేస్తుంది. రెండు రోజులకు రిటర్న్ నమోదై 102 మీద బాకీ, దాని మీద ఆలస్య రుసుము తేలతాయి. కట్టినాయనకు నోటీసు, కట్టనివాళ్ళకు రసీదు!

అందుకే ట్రయల్‌లోనే రెండు పరీక్షలు పెట్టండి. ఒకే అద్దె ఉన్న రెండు ఫ్లాట్లు సృష్టించి, వేరే పేరున్న ఖాతా నుంచి ఏ గుర్తూ రాయకుండా ఆ మొత్తం పంపండి. అది "ఎవరిదో తేలలేదు" అన్న వరుసలో ఆగి మీ నిర్ణయం కోసం ఎదురుచూడాలి. ఎవరో ఒకరికి జమైపోతే ఆ సాఫ్ట్‌వేర్ వదిలేయండి. రెండోది, రిటర్న్ కలిసున్న ఒక జమ నివేదిక నమూనా చూపించమని అడగండి. అందులో ప్రతి వరుసలో ఫ్లాటు, నెల, పూర్తి మొత్తం, కమిషన్, రిటర్న్, రిటర్న్ ఛార్జీ విడివిడిగా ఉండాలి. అడుగున అన్నీ పోను మిగిలిన మొత్తం మీ స్టేట్‌మెంట్‌లో పడిన అంకెతో సరిగ్గా కలవాలి.

ఇప్పటికే కొనేసినవాళ్ళు, మొత్తాన్ని బట్టి మాత్రమే జతచేసే నియమాన్ని ఆపేయండి. ప్రతి ఫ్లాటుకూ డబ్బు జమచేయడానికి విడి ఖాతా నంబరు ఇచ్చే వీలుంటే అదే అన్నిటికన్నా మేలు, ఎవరి ఖాతా నుంచి వచ్చినా ఫ్లాటు మారదు. అది లేకపోతే లెక్కల్లో "దారిలో ఉన్న సొమ్ము" అని ఒక పద్దు తెరవండి. ఆటోపే వసూళ్ళన్నీ పూర్తి మొత్తంతో ముందు అందులోకి వేయాలి, బ్యాంకులో పడినదాన్నీ ఛార్జీలనూ అందులోంచి తీసేయాలి. పై ఉదాహరణలో 49,500 వేసి, 49,300, 200 తీస్తే సున్నా. తర్వాత 14,000 వేసి, 1,700, 50, 250 తీస్తే 12,000 మిగిలిపోతుంది. ఆ మిగులే ఒక 12,000 అద్దె తిరిగిపోయిందని చెబుతోంది. అప్పుడు రిటర్న్ వరుస చూసి 102 రసీదు రద్దు చేస్తే పద్దు మళ్ళీ సున్నాకి వస్తుంది. ఆలస్య రుసుము తనంతట తాను పడే ఏర్పాటును ఈ పద్దు సున్నా అయ్యేదాకా ఆపి ఉంచండి.

సాఫ్ట్‌వేర్ మార్చాలనుకుంటే ఇంకో సంగతి. అద్దెకున్నవాళ్ళు ఇచ్చిన ఆటోపే అనుమతి చాలాచోట్ల పాత సంస్థ పేరు మీదే ఉంటుంది, కొత్తదానికి బదిలీ కాదు. ప్రతి ఒక్కరూ మళ్ళీ అనుమతి ఇవ్వాలి, పాతది రద్దయినట్టు ఒక్కొక్కటిగా చూసుకోవాలి. లేదంటే ఆ నెల రెండు చోట్ల నుంచీ అద్దె కోసేస్తారు.