స్వింగ్-లో నుంచి యాంకర్డ్ వీవాపా, 50 రోజుల సగటా?

పెద్ద పతనం తర్వాత షేరు అడుగు తాకి లేచిందనుకోండి. ఆ అడుగే స్వింగ్-లో. అప్పటికి 50 రోజుల మూవింగ్ యావరేజ్ ఇంకా ధరకు పైనే ఉండి కిందికి దిగుతుంటుంది. సపోర్టుగా అది పనికిరాదు. యాంకర్డ్ వీవాప్ అంటే మనం ఎంచిన క్యాండిల్ నుంచి, వాల్యూమ్‌ను బట్టి లెక్కించే సగటు ధర. అది ఆ అడుగు క్యాండిల్ దగ్గరే మొదలవుతుంది కాబట్టి మొదటి పుల్‌బ్యాక్‌కే గీత సిద్ధం.

లెక్క చూడండి. అడుగు రోజు సగటు ధర 100, వాల్యూమ్ 10 లక్షలు. తర్వాతి రెండు రోజులు 104, 110. వాల్యూమ్ చెరో 5 లక్షలు. వీవాప్ 103.5, మామూలు సగటు 104.67. అడుగున ఎక్కువ షేర్లు చేతులు మారాయి, అందుకే గీత ఆ ధర వైపు ఒరిగింది. ధర గీత దగ్గరికి వస్తే, అడుగు రోజు నుంచి కొన్నవాళ్లంతా సగటున లాభనష్టాలు లేని చోట ఉన్నట్టు.

శ్రమ: 50 రోజుల సగటుకు ఏమీ ఎంచుకోనక్కర్లేదు. వీవాప్‌కు యాంకర్ మీరే ఎంచాలి.

రిస్క్: అసలు చిక్కు ఇక్కడే. అడుగు పడిందని ధర లేచాకే తెలుస్తుంది. పాత చార్టులో గీత అందంగా కనిపించడానికి కారణం అదే. గీత కుదిరేలా యాంకర్‌ను పక్క క్యాండిల్‌కు జరిపితే అది సపోర్టు కాదు, మన కోరిక. గీత తాకగానే కొనకుండా, దానిపైన రోజువారీ ముగింపు కోసం ఆగండి. ధర ఆ స్వింగ్-లో కిందికి పోతే యాంకర్ తీసేయండి.

నెలలు గడిచేకొద్దీ వాల్యూమ్ పేరుకుని వీవాప్ మందగిస్తుంది, ధరకు చాలా కింద ఉండిపోతుంది. ట్రెండ్ అంత ముదిరాక 50 రోజుల సగటే నయం. ధర అడుగు నుంచి మలుపు తిరిగాక తొలి వారాలకు వీవాప్.