రేపటి వేరియన్స్‌కి ఏది మేలు: రోలింగ్ విండోనా, ఈడబ్ల్యూఎంఏనా, గార్చా?

రిస్క్ లెక్కలు చేసేవాళ్లూ, ఫైనాన్స్ పరీక్షలకు చదువుతున్నవాళ్లూ నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "పారామీటర్లు ఇచ్చారు, నిన్నటి షాక్ ఇచ్చారు. రేపటి వేరియన్స్‌కి ఈడబ్ల్యూఎంఏ సరిపోదా? గార్చ్ దాకా వెళ్లాలా?" రోలింగ్ విండో అంటే గత కొన్ని రోజుల షాక్ వర్గాల సాదా సగటు. ఈడబ్ల్యూఎంఏ పాతబడేకొద్దీ బరువు తగ్గించే సగటు. గార్చ్ దానికి ఒక దీర్ఘకాల స్థాయిని కూడా జోడిస్తుంది. ఈ మూడు పద్ధతులకూ ఒకే కేసు ఇచ్చి చూస్తే తేడా ఎక్కడుందో తెలుస్తుంది.

పెద్ద కదలిక వెనకే పెద్ద కదలికలు, చిన్నదాని వెనకే చిన్నవి వస్తాయని మాండెల్‌బ్రాట్ 1963లోనే రాశాడు. రేపు ధర పెరుగుతుందా, తగ్గుతుందా అన్నది చెప్పలేకపోయినా ఎంత ఊగుతుందన్నది కొంతవరకు చెప్పగలం అనడానికి ఆధారం ఈ గుంపులుగా రావడమే. 1982లో ఎంగెల్ ఆర్చ్‌తో, 1986లో బొలర్స్‌లెవ్ గార్చ్‌తో దాన్ని ఒక సమీకరణంలో పెట్టారు.

రిటర్నులన్నీ శాతాల్లో అనుకుందాం. ఇన్నాళ్లూ మార్కెట్ మామూలుగా ఉంది, నిన్నటి వేరియన్స్ 1.0. అంటే రోజుకు 1 శాతం వోలటిలిటీ. నిన్న ఒక్కసారిగా 4 శాతం పడింది. షాక్ −4, దాని వర్గం 16. ఇచ్చిన పారామీటర్లు: స్థిరసంఖ్య ω = 0.02, షాక్ వర్గం బరువు α = 0.08, నిన్నటి వేరియన్స్ బరువు β = 0.90.

```
గార్చ్:        0.02 + 0.08×16 + 0.90×1.0 = 2.20
ఈడబ్ల్యూఎంఏ:  0.06×16 + 0.94×1.0 = 1.90
60 రోజుల విండో: (59×1 + 16) / 60 = 1.25
```

ఈడబ్ల్యూఎంఏలో 0.94 అనేది రోజువారీ డేటాకి రిస్క్‌మెట్రిక్స్ వాడిన విలువ. విండోలో మిగతా 59 రోజుల వర్గాల సగటు 1 అనుకున్నాను. వర్గమూలం తీస్తే వోలటిలిటీలు వరుసగా 1.48, 1.38, 1.12 శాతం.

ఇక్కడే చాలామంది ఒక మెట్టు తప్పుతారు. నిన్నటి షాక్ పెడితే వచ్చిన 2.20 ఈరోజు వేరియన్స్, రేపటిది కాదు. రేపటిది కావాలంటే ఈరోజు షాక్ తెలియాలి, అదింకా జరగలేదు. కాబట్టి దాని వర్గం స్థానంలో దాని అంచనా విలువ, అంటే ఈరోజు వేరియన్సే పెట్టాలి. అప్పుడు α, β రెండూ ఒకే సంఖ్యను గుణిస్తాయి:

```
రేపు = ω + (α+β)×2.20 = 0.02 + 0.98×2.20 = 2.176
```

ఈరోజు మార్కెట్ ముగిసి అసలు షాక్ చేతికొస్తే ఈ మెట్టు అక్కర్లేదు, మొదటి సూత్రమే మళ్లీ వాడాలి. ప్రశ్నలో "నిన్న", "రేపు" అని ఉంటే మధ్యలో ఒక రోజు ఉందా లేదా అని ముందు చూసుకోండి.

ఇప్పుడు ఈడబ్ల్యూఎంఏకి అదే పని చేయండి. 0.06, 0.94 కలిస్తే సరిగ్గా 1. ω లేదు. కాబట్టి ఈరోజు 1.90, రేపు 1.90, మూడు నెలల తర్వాతా 1.90. నా దృష్టిలో ఎంపికను తేల్చేది ఇదే. ఈడబ్ల్యూఎంఏకి తిరిగి చేరుకోవడానికి ఒక మామూలు స్థాయి అంటూ లేదు. గార్చ్‌కి ఉంది: ω ని 1−α−β తో భాగిస్తే 0.02/0.02, అంటే 1.0. షాక్ వల్ల ఆ స్థాయి కంటే పెరిగిన 1.2 రోజుకు 2 శాతం చొప్పున కరుగుతుంది. సగానికి రావడానికి దాదాపు 34 ట్రేడింగ్ రోజులు పడుతుంది. మొదట్లో ఈడబ్ల్యూఎంఏ కంటే పైనున్న గార్చ్ అంచనా 16వ రోజుకి దాని కిందికి దిగుతుంది. 61వ రోజుకి 1.36 దగ్గరుంటుంది.

మార్కెట్ బాగా నిద్రపోతున్నప్పుడు ఈ తేడా ఇంకా ముఖ్యం. వేరియన్స్ 0.4 కి పడిపోయిందనుకోండి. ఈడబ్ల్యూఎంఏ ఆ ప్రశాంతతనే ఎంత దూరమైనా పొడిగిస్తుంది. గార్చ్ మాత్రం అంచనాను మెల్లగా 1.0 వైపు లేపుతుంది, 60 రోజుల తర్వాతి రోజుకి 0.82 ఇస్తుంది. నెల, రెండు నెలల రిస్క్‌కి నిల్వ పెట్టేవాళ్లు 0.4 ని నమ్ముకుంటే కావాల్సిన దానికంటే తక్కువ నిల్వే పెట్టినట్టు. అందుకే నా ఓటు గార్చ్‌కి. కేవలం తర్వాతి ఒక్క రోజు కోసమైతే 1.48కీ 1.38కీ పెద్ద తేడా లేదు. పారామీటర్లు అంచనా వేసే శ్రమ లేని ఈడబ్ల్యూఎంఏతో నిశ్చింతగా సరిపెట్టుకోవచ్చు.

రోలింగ్ విండో గురించి ఎక్కువ చెప్పను. షాక్ వచ్చిన మర్నాడు అది దాన్ని అరవైలో ఒక వంతుగానే చూస్తుంది. ఆ రోజుతో కలిపి అరవై రోజులు అదే బరువుతో మోసి, ఆ రోజు విండోలోంచి జారిపోగానే మార్కెట్లో ఏమీ జరగకుండానే అంచనా ఢమాల్న పడుతుంది.

గార్చ్‌కి నేను ఓటు వేసినా దాని బలహీనత కూడా ఆ మామూలు స్థాయిలోనే ఉంది. ω చాలా చిన్న సంఖ్య, 1−α−β కూడా చిన్న సంఖ్యే. α+β ని 0.98 బదులు 0.985 గా అంచనా వేసి ω ని అలాగే ఉంచితే దీర్ఘకాల వేరియన్స్ 1.0 నుంచి 1.33 కి ఎగబాకుతుంది. 0.99 అయితే 2.0. డేటా మధ్యలో మార్కెట్ స్వభావమే మారిపోయి ఉంటే α+β ఉత్తుత్తినే 1 దగ్గరికి జరుగుతుంది. ఎందుకంటే రెండు వేర్వేరు స్థాయిలను మోడల్ ఒకే షాక్ తాలూకు చాలాకాలపు ప్రభావంగా చదువుకుంటుంది. దీనికి నేను చేసేది వేరియన్స్ టార్గెటింగ్. దీర్ఘకాల స్థాయిని డేటా మొత్తం సగటు వేరియన్స్‌గా ముందే ఖాయం చేసి, ω ని దాని నుంచి లెక్కగడతాను. అయినా ఏ కాలం డేటా తీసుకోవాలన్నది మనమే తేల్చుకోవాలి.

ఇంకో చోట కూడా లెక్క బోల్తా కొడుతుంది: యూనిట్లు. ω శాతాల వర్గంలో ఉండి, షాక్‌ని −0.04 అని, నిన్నటి వేరియన్స్‌ని 0.0001 అని దశాంశాల్లో పెడితే వచ్చేది 0.0202. వర్గమూలం 0.142, అంటే రోజుకు 14 శాతం వోలటిలిటీ! ఇలాంటిది కనబడగానే ω/(1−α−β) లెక్కగట్టి, దాని వర్గమూలం ఆ షేరుకి నమ్మదగ్గ రోజువారీ సంఖ్యలా ఉందో లేదో చూడండి. దశాంశాల్లో పని చేయాలనుకుంటే ω 0.000002 అవ్వాలి. α, β మారవు.

పడినప్పుడు వచ్చే షాక్‌కి, పెరిగినప్పుడు వచ్చే షాక్‌కి వేర్వేరు బరువు కావాలంటే జీజేఆర్, ఈగార్చ్ ఉన్నాయి. షేర్ల ఇండెక్సులకి అవి పనికొస్తాయి, ఎందుకంటే మామూలు గార్చ్ −4 కీ +4 కీ ఒకటే జవాబిస్తుంది. కానీ అవి తర్వాతి మెట్టు. ముందు రోజూ షాక్‌ని ఆ రోజు అంచనా వోలటిలిటీతో భాగించి, వచ్చిన సంఖ్యల వర్గాల మధ్య ఆటోకోరిలేషన్ ఇంకా మిగిలిందేమో లుంగ్-బాక్స్ టెస్టుతో చూడండి. మిగిలితే గుంపులన్నిటినీ మోడల్ ఇంకా పట్టలేదని.