ఫోర్త్ నదిపై రెండు వంతెనలు: వేలాడే తీగా, సూటిగా లాగే తీగా?

స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరోకు దగ్గర, ఫోర్త్ నది సముద్రంలో కలిసేచోట రెండు తీగల వంతెనలు పక్కపక్కనే ఉన్నాయి. 1964లో తెరిచిన ఫోర్త్ రోడ్ బ్రిడ్జి సస్పెన్షన్ రకం. టవర్ల మధ్య దూరం, అంటే స్పాన్, 1006 మీటర్లు. 2017లో తెరిచిన క్వీన్స్‌ఫెరీ క్రాసింగ్ కేబుల్ స్టేడ్ రకం. మూడు టవర్లు, మధ్యలో 650 మీటర్ల స్పాన్లు రెండు. మన దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జిలోనూ తీగలు టవర్ నుంచి నేరుగా వాహనాలు నడిచే డెక్‌కే వస్తాయి.

రెండిట్లోనూ బరువు చివరికి టవర్ మీదుగా పునాదిలోకే దిగుతుంది. తేడా అంతా అడ్డంగా లాగే బలం ఎటు పోతుందన్న దగ్గరే ఉంది.

సస్పెన్షన్ వంతెనలో లారీ బరువు డెక్ నుంచి హ్యాంగర్లనే నిలువు తీగలకు, అక్కణ్ణుంచి ప్రధాన కేబుల్‌కు ఎక్కుతుంది. లెక్క కోసం స్పాన్ 1000 మీటర్లు, కేబుల్ వంపు 100 మీటర్లు, మీటరుకు 1 టన్ను బరువు అనుకుందాం. ఒక్కో టవర్ మీద ఆ వైపు నుంచి దిగే బరువు 500 టన్నులే. మీటరు బరువు w, స్పాన్ L, వంపు f అనుకుంటే అడ్డంగా లాగే బలం మాత్రం wL²/8f, అంటే 1250 టన్నులు. వంపు సగానికి తగ్గిస్తే అది రెట్టింపవుతుంది. టవర్‌కు అవతలి వైపు కేబుల్ కూడా అంతే లాగుతుంది కాబట్టి టవర్ ఒరిగిపోదు. ఆ లాగుడునంతా ఒడ్డున కేబుల్ చివరను నేలకు బిగించి పట్టే యాంకరేజి ఆపాలి. ఫోర్త్‌లో దానికోసం రాతిలోకి వాలుగా సొరంగాలు తవ్వి కాంక్రీటు నింపారు. ఒడ్డున గట్టి రాయి లేకపోతే ఈ ఖర్చు చాలా పెరుగుతుంది.

కేబుల్ స్టేడ్‌లో యాంకరేజి అక్కర్లేదు. ఏటవాలు తీగల అడ్డం లాగుడును డెక్ తానే నొక్కుడుగా తీసుకుంటుంది. ఆ నొక్కుడు తీగ తీగకూ కలుస్తూ టవర్ దగ్గర గరిష్ఠమవుతుంది. అందుకే స్పాన్ పెరిగేకొద్దీ డెక్ బరువెక్కాలి, టవర్ బాగా ఎత్తు కావాలి. మూడు టవర్లున్నప్పుడు ఇంకో చిక్కు: నడిమి టవర్‌ను వెనక్కి లాగి పట్టే గట్టి ఆధారం ఉండదు, ఒక స్పాన్‌లోనే లారీలు నిండితే అటు వంగుతుంది. క్వీన్స్‌ఫెరీలో స్పాన్ నడుమ రెండు వైపుల తీగలనూ ఒకదాన్నొకటి దాటించి దీన్ని అదుపు చేశారు.

మరమ్మతులో కొత్తదానిదే పైచేయి. ఒక తీగ పాడైతే ట్రాఫిక్‌ను అదుపులో పెట్టి ఆ ఒక్కటే మార్చవచ్చు. ప్రధాన కేబుల్‌తో అది కుదరదు. ఫోర్త్‌లో ఒక్కో కేబుల్‌లో 5 మి.మీ. తీగలు 11,618. చుట్టూ పూత ఉన్నా లోపల తేమ చేరింది. 2004లో కేబుల్ విప్పి చూస్తే తుప్పు పట్టిన, తెగిన తీగలు కనిపించాయి, బలం 8-10 శాతం తగ్గిందని తేలింది. తర్వాత తీగలు తెగే చప్పుడు పట్టే మైకులు పెట్టారు, కేబుల్‌లోకి పొడిగాలి పంపడం మొదలుపెట్టారు. పొడిగాలి తుప్పును ఆపుతుంది గానీ పోయిన బలాన్ని తిరిగి తేలేదు.

కొత్తది లోపం లేనిదని కాదు. 2020లో తీగలపై పేరుకున్న మంచు కింది వాహనాల మీద పడి దాన్ని మూసేయాల్సి వచ్చింది.

నడుమ ఒక పునాదికి చోటుండి, 300 నుంచి 1000 మీటర్ల లోపు స్పాన్ చాలితే నా ఓటు కేబుల్ స్టేడ్‌కే. అంతకు మించి 1500, 2000 మీటర్లు ఒకే గెంతులో దాటాలంటే సస్పెన్షన్ తప్పదు. అప్పుడు పొడిగాలి యంత్రాలను తుప్పు కనిపించాక కాక, కట్టేటప్పుడే పెట్టించాలి.